విసరలేదని రాయండి

నా జబ్బు గురించి నాకు తెలియకుండానే ఉత్తరం తయారైంది. రాసింది మా బావగారు గౌరీశంకర్, అంటే మా ఆయన అన్న. కాంట్రాక్టర్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం ఆయనది. ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఇంట్లో ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆయనే రాస్తారు. విని మెచ్చుకుంది మా అత్త దాలమ్మ. మా ఆయన ఆదిబాబు "ఊఁ" అన్నారట. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే.

నాకు ఫిట్స్ వస్తాయి. మూడేళ్లుగా టాటానగర్ టెల్కో కాలనీలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. మాత్రలు మింగుతూనే ఉన్నాను, పడిపోతూనే ఉన్నాను. చూసే డాక్టరు ఇక లాభం లేదనుకుని, ఊళ్లో ఒక ట్రస్టు ఆసుపత్రిలో కొత్తగా పెట్టిన వీడియో గదికి పంపారు. అక్కడ టీవీ ముందు కూర్చుంటే శాటిలైటు ద్వారా హైదరాబాద్‌లోని నరాల డాక్టరు కనిపించి మాట్లాడుతుంది. ఒక్కొక్కరికి ఇచ్చేది కాసేపే. అందుకని ముందే ఈమెయిల్లో ఒక సందేశం పంపాలి. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఏది తర్వాత ఏది జరిగింది, ఇప్పుడు ఏ మందులు ఎంతెంత వాడుతున్నారు, డాక్టర్ని ఏమడగాలి, అన్నీ అందులో ఉండాలి. డాక్టరు అది చదువుకుని కూర్చుంటుంది. బావగారు రాసింది ఆ సందేశమే.

రాస్తే రాశారు, నన్ను ఒక్క మాట అడిగితే ఆయన సొమ్మేం పోయింది? పడేది నేను, నాలిక కొరుక్కునేది నేను, లేచాక ఒళ్లంతా రోకటితో దంచినట్టు మూలిగేది నేను.

అసలు నా ఏడుపు ఉత్తరం గురించి కాదు, నా పాప గురించి. మనస్వికి అప్పుడు ఎనిమిదో నెల. దాన్ని నా చేతికి ఇచ్చేవారు కాదు. పాల వేళకి అత్త తెచ్చి నా ఒళ్లో పెట్టి, పక్కనే కాపలా కూర్చునేది. అది నోరు తీసీ తీయకముందే ఎత్తుకుపోయేది. నా బిడ్డ నవ్వితే గుమ్మం అవతల నుంచి వినాలి. ఫిట్స్ ఒక్కటే కారణమైతే సర్దుకునేదాన్నేమో. రెండో కారణం నా కోపం. నేను గ్లాసులు విసిరేదాన్నట. ఈరోజు గ్లాసు విసిరిన మనిషి రేపు బిడ్డని విసరదని నమ్మకమేంటని అత్త వాదన.

ఆ గ్లాసుల గోల కూడా చెప్పాలి. మా ఆయనకి ఎ-షిఫ్టు ఉన్న వారమంతా తెల్లారకముందే లేవాలి. షిఫ్టు బస్సు వచ్చేలోపు టీ, టిఫిన్, డబ్బా సిద్ధం కావాలి. కళ్లు మూసుకుపోతుండగా గ్లాసు పట్టుకుంటానా, ఒక్కసారి చెయ్యి ఎగిరిపడుతుంది. గ్లాసు గోడకి కొట్టుకుంటుంది. కంపెనీ క్వార్టర్ల గోడలు ఎంత మందమో అందరికీ తెలుసు. పక్కింటి ఝా గారి భార్య "బహూ ఫిర్ గరమ్ హై" అని, కోడలు మళ్లీ వేడెక్కిందని, నవ్వేది. కొత్త కోడలిగా వచ్చిన వారంలోనే అత్తకి చెప్పాను, నేను విసరలేదు, చెయ్యి దానంతటదే అదిరింది అని. "సేతికి దాని మట్టుకు దానికే కోపమొత్తాదేటి?" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఎన్నిసార్లని చెబుతాను? చివరికి ఒళ్లు మండి "అవును, విసిరాను, ఏటిప్పుడు?" అనేశాను. ఆ మాట మాత్రం అందరికీ గుర్తుండిపోయింది.

వీడియోకి ముందు రోజు ఆసుపత్రికి వెళ్లి, తలకి తీగలు పెట్టి తీసిన పాత ఈఈజీ కాగితాలు, మందుల చీటీలు స్కాన్ చేయించుకోవాలి. షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన స్కూటర్ మీద తీసుకెళ్లారు. ఆ వీడియో గదిని చూసుకునేది కుజూర్ దీదీ. కళ్లజోడు ముక్కు మీదికి జారినా పట్టించుకోకుండా టైపు చేస్తూ ఉంటుంది. బావగారు పంపిన ఉత్తరం అప్పటికే ఆమె కంప్యూటర్లో ఉంది.

"పేషెంటుకి వినిపించకుండా నేను పంపను. విను" అని హిందీలో అర్థం చెప్పడం మొదలుపెట్టింది.

గౌరవనీయులైన డాక్టరు గారికి నమస్కారాలతో మొదలైంది. తర్వాత మా కుటుంబం గొప్ప, మామగారు గోల్‌మురి రేకుల ఫ్యాక్టరీలో ఎంత నిజాయితీగా పనిచేసి కాలం చేశారో. ఆ తర్వాత నేను వచ్చాను. "మా మరదలు స్వభావరీత్యా కోపిష్టి. కోపం ముదిరినప్పుడు స్పృహ తప్పి పడిపోతుంది. పెళ్లికి ముందు ఆరోగ్యం ఎలా ఉండేదో వాళ్లవాళ్లు మాకు చెప్పలేదు. ఫిట్స్ మాత్రలు క్రమం తప్పకుండా ఇస్తున్నాం." అంతే. ఏ మాత్ర, ఎంత, ఎప్పుడు, ఒక్క ముక్క లేదు. కింద ప్రశ్నలు. ఈ జబ్బు పెళ్లికి ముందు నుంచే ఉందా? బిడ్డకి వస్తుందా? జబ్బు తగ్గేదాకా తల్లిని పుట్టింటికి పంపి, బిడ్డని మా దగ్గరే ఉంచుకోవడం మంచిదా?

మూడో ప్రశ్న మళ్లీ చదివించుకున్నాను. మా పుట్టిల్లు ఎక్కడో లేదు, టాటానగర్ స్టేషన్ దగ్గర రైల్వే క్వార్టర్లలో ఉంది. ఆటోలో వెళ్లొచ్చు. కానీ పాప ఇక్కడ, నేను అక్కడ. ఇంట్లో అందరూ ముందే నిర్ణయించుకుని, డాక్టరమ్మ చేత ఔననిపించడానికి ఉత్తరం రాశారు. ఆమె ఆ కాగితం చదివి ఔనంటే, ఇక నేను ఏ దేవుడికి మొరపెట్టుకున్నా లాభం లేదు.

తలుపు దగ్గర నిలబడ్డ మా ఆయన్ని చూశాను. "ఇది మీకు తెలుసా?"

ఆయన చెప్పుల వంక చూసుకున్నారు. "అన్నయ్య రాసినాడు కదా..."

"అన్నయ్య రాసినాడు! బిడ్డని అన్నయ్య కన్నాడేటి?"

వరండాలో కూర్చున్నవాళ్లు తొంగిచూశారు. చూడనీ. కుజూర్ దీదీ మాత్రం తొణకలేదు. "అరిస్తే కంప్యూటర్ రాసుకోదు. తప్పేమిటో చెప్పు, నేను మారుస్తాను. పంపడానికి సాయంత్రం దాకా టైముంది" అంది.

చెప్పాను. కూర్చుని కాదు, నిలబడి చెప్పాను. మొదటిసారి పడింది ఎప్పుడని అడిగింది. పెళ్లైన ఏడాది, ఫ్యాక్టరీలో విశ్వకర్మ పూజ జరిగిన మర్నాడు పొద్దున్న. రాత్రంతా ఈయన స్నేహితులకి పూరీలు వేయించాను, కన్ను మూయలేదు, అది కూడా రాయండి అన్నాను. రెండోసారి ఆడపడుచు పెళ్లి తెల్లారి. ఆ రాత్రి కూడా పడక లేదు, రాయండి. పాప పుట్టాక అయితే లెక్కే లేదు, రాత్రుళ్లు దానితో జాగారం, పొద్దున్నే ఈయన డబ్బా. పడ్డ ప్రతిసారీ ముందు రాత్రి నిద్ర లేదు, ఈ ఇంటి చాకిరీ చేస్తూ పడ్డాను అని రాయండి. జబ్బు సంగతి కాదు, కడుపుమంట కొద్దీ చెబుతున్నానని నాకే తెలుసు. దీదీ ఏదీ వదలకుండా టైపు చేసింది.

"మందుల పట్టీలు తెచ్చావా?"

సంచీ బల్ల మీద బోర్లించాను. ఫిట్స్ మాత్ర కార్బమజెపైన్ అట్ట మీద ఎంత మిల్లీగ్రాములో చూసి, పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు పెంచారు అని చీటీల మీద తేదీలతో సరిపోల్చింది. కాన్పు తర్వాత వేసుకుంటున్న ఐరన్ మాత్రలు కూడా రాసింది. అత్త మంగళవారాలు తాగించే వేరు కషాయం గురించి చెబితే అది కూడా రాసింది. అది మందు కాదు కదా అన్నాను. నోట్లోంచి లోపలికి పోయేదంతా రాయాలంది.

"పడ్డప్పుడు ఏమవుతుంది?"

"నాకేం తెలుసు? నేను అప్పుడు ఉంటే కదా!"

"చూసినవాళ్లు ఎవరు?"

మా ఆయన్ని లోపలికి పిలిచింది. అప్పుడు ఆయన మాట్లాడారు. నేను కాపురానికి వచ్చాక ఆయన అంతసేపు మాట్లాడగా వినడం అదే మొదలు. "ముందొక అరుపు అరుత్తాది. కొయ్యలాగ బిగుసుకుపోతాది. తరవాత రెండు సేతులూ, రెండు కాళ్లూ ఒకేసారి కొట్టుకుంటాయి. ఒక పక్క అని కాదు, రెండూ. నాలిక కొరుక్కుంటాది. ఆగినాక నన్ను సూత్తాది గానీ నానెవరో తెలీదు. ఆ సూపు సూడలేను దీదీ." నాకు జాలి వేయలేదు. ఇన్ని మాటలు కడుపులో దాచుకుని, ఇంటి దగ్గర "ఊఁ" అని ఊరుకున్న మనిషిని ఏమనాలి?

"ఇంకేమైనా ఉందా?" అంది దీదీ.

"ఉంది. నేను గ్లాసులు విసరను. విసరలేదని రాయండి."

ఆమె కళ్లజోడు పైకి తోసుకుంది. "ఇది డాక్టరుకా?"

"డాక్టరుకే. నేను కోపిష్టినని ఇంత పెద్ద ఉత్తరంలో రాయొచ్చు గానీ, విసరలేదని ఒక్క లైను రాయకూడదా? పొద్దున్న నా చెయ్యి దానంతటదే ఎగురుతుంది, నేను విసరను. అంతే రాయండి."

రాసింది. ప్రశ్నల దగ్గర బావగారివి తీసేయమంటావా అని అడిగింది. వద్దు, ఉంచండి అన్నాను. వాళ్ల మనసులో ఏముందో డాక్టరమ్మ కూడా చూడాలి. పైన మాత్రం నాది పెట్టండి. "నా బిడ్డను నేను ఎత్తుకోవచ్చా?"

మర్నాడు అద్దె కారులో అందరం బయల్దేరాం. అత్త పాపని భుజాన వేసుకుని ముందు సీట్లో కూర్చుంది. బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, తన ఇంగ్లీషుకి హైదరాబాద్ దాకా పేరు వస్తుందన్నట్టు. ఉత్తరం మారిందని ఆయనకి తెలియదు. చెప్పాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

చిన్న గది, పెద్ద టీవీ, దానిపైన కెమెరా. ఆసుపత్రి కుర్ర డాక్టరు ఒకాయన మా పక్కన కూర్చున్నారు. బొమ్మ కాసేపు బిగుసుకుపోయి, ముక్కలై, మళ్లీ కూడుకుంది. నెరిసిన జుట్టు, నూలు చీర, చేతిలో కాగితాలు. డాక్టర్ శాంత అని కుజూర్ దీదీ చెప్పింది. ఇక్కడ మాట్లాడితే అక్కడికి చేరడానికి కాస్త ఆలస్యం. ఇద్దరూ ఒకేసారి మాట్లాడకూడదని ముందే హెచ్చరించారు.

"పద్మశ్రీ ఎవరు? నువ్వేనా? నీ సందేశం రెండుసార్లు చదివాను. బాగా కోపంగా ఉంది" అంది తెలుగులో. "కానీ నాకు కావలసినవి ఉన్నాయి. గ్లాసులు విసరను అని రాయించావు, ఏమిటది?"

బావగారు ముందుకి వంగారు. "మేడమ్, అది మా ఇంటి విషయం. ఆ లైను నేను రాయలేదు. దట్ ఈజ్ నాట్ రెలెవెంట్..."

"మీరు కాసేపు ఆగండి. ఆ గ్లాసులు చూసినవాళ్లెవరు?"

అంతే, మా అత్తకి పూనకం వచ్చింది. కోడలు తన మీద డాక్టరుకి చాడీ చెప్పిందని తెలిశాక ఊరుకుంటుందా? "నాను సూసినాను తల్లీ! నానే సూసినాను. పొద్దున్న లెగిసి టీ గలాసు పట్టుకుంటాది, ఇసిరి కొడతాది. ఒకపాలి నా ఎదురుగా పిండిగిన్నె ఎగిరిపోనాది. అబద్దమాడితే నా కళ్లు పోతాయి."

"పొద్దున్నేనా?"

"పొద్దున్నే. లెగిసిన కాడ్నుంచి పొద్దెక్కీదాకా."

"సాయంత్రం విసరదా?"

"సాయంత్రమెందుకు ఇసురుతాది? సాయంత్రం బాగానే ఉంటాది."

"మీరిద్దరూ సాయంత్రం పోట్లాడుకోరా?"

"పోట్లాటలన్నీ సాయంత్రమే కదమ్మా. పొద్దున్న తీరికేది?"

"పోట్లాడుకున్నప్పుడు విసరదు, పోట్లాట లేనప్పుడు విసురుతుందా?"

మా మాట అక్కడికి చేరడానికి పట్టే ఆలస్యం అనుకుని అందరం టీవీ వంక చూశాం. కానీ అక్కడ డాక్టరమ్మ ఎదురుచూస్తోంది. మాట రానిది మా గదిలోనే. పాపని తడుతున్న అత్త చెయ్యి ఆగిపోయింది.

"పద్మశ్రీ, బడిలో చదివేటప్పుడు పొద్దున్నపూట చేతిలోంచి ఏమైనా ఎగిరిపడేవా?"

పదో తరగతి పరీక్షలు. రాత్రి చదువు, పొద్దున్న చదువు. పెన్ను చేతిలోంచి జారి గోడకి కొట్టుకునేది. దువ్వెన కూడా. మా అమ్మ "నిద్రమొహం" అని నెత్తి మీద మొట్టేది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, నేనూ వీటికీ ఫిట్స్‌కీ ముడిపెట్టలేదు.

"ఈ మాత్రలు పెంచాక ఆ ఎగిరిపడటం తగ్గిందా, ఎక్కువైందా?"

"ఎక్కువైంది" అన్నారు మా ఆయన. నేను కాదు, ఆయన. "డోసు పెంచినాక రోజూ గలాసు పడతాది."

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి నిదానంగా చెప్పింది. అది కోపం కాదు. అది కూడా ఫిట్సే, చిన్నది. నిద్ర లేచాక చేతులు ఒక్కసారి ఉలిక్కిపడతాయి, స్పృహ మాత్రం పోదు. నిద్ర చాలకపోతే పెద్దది వస్తుంది. ఈ రకం సాధారణంగా ఆ పదో తరగతి ఈడులోనే మొదలవుతుంది. ఇప్పుడు వేసుకునే మాత్ర వేరే రకాల ఫిట్స్‌కి మంచిదే గానీ, ఈ రకంలో ఉలుకులు పెంచుతుంది. రాత్రి తక్కువ నిద్రపోయి మళ్లీ ఈఈజీ తీయించాలి, అది కూడా ఆసుపత్రి వాళ్లు చెప్పినట్టు, పక్కన మనిషిని పెట్టుకుని. నూటికి నూరుపాళ్లు అది చూశాకే చెబుతానంది. పాత మాత్ర ఒక్కసారిగా ఆపకూడదు. కొత్తది కొంచెం కొంచెం పెంచుతూ పాతది తగ్గించాలని కుర్ర డాక్టరుకి డోసులు చెప్పింది. పాలు ఇవ్వొచ్చు, పాప మరీ మత్తుగా ఉంటే మాత్రం చూపించండి. మళ్లీ బిడ్డ కావాలనుకుంటే ముందే నాకు చెప్పు, అప్పుడు మందులు చూసుకోవాలి. కషాయం మానేయి. అన్నిటికన్నా ముందు, నిద్రపో.

బావగారి ప్రశ్నలకి కూడా జవాబు ఇచ్చింది. "పెళ్లికి ముందు నుంచే ఉండి ఉండొచ్చు. కానీ తెలియని జబ్బుని ఎవరూ దాచలేరు. పాపకి వచ్చే అవకాశం మామూలు వాళ్లకన్నా కాస్త ఎక్కువ, అయినా ఎక్కువమంది పిల్లలకి రాదు." తర్వాత కళ్లజోడు తీసింది. "తల్లినీ బిడ్డనీ విడదీయాలా అని అడిగారు. దానికి జబ్బులో కారణం లేదు."

"మరి నా ప్రశ్న?" అన్నాను.

"అదే పైన ఉంది కదా, మర్చిపోతానా? ఎత్తుకోవచ్చు. కొత్త మందు కుదురుకునేదాకా నిలబడి వద్దు, మెట్ల మీద వద్దు, పొయ్యి దగ్గర వద్దు, ఒక్కదానివే స్నానం చేయించొద్దు. నిద్ర లేచాక మొదటి గంట వేరేవాళ్లు చూసుకోవాలి. మిగతా వేళల్లో నేల మీద కూర్చుని, నీ ఇష్టం వచ్చినంతసేపు."

బొమ్మ ఆరిపోయింది. బావగారు తను వెంట తెచ్చుకున్న ఉత్తరం కాపీ మడుస్తూ బయటికి వెళ్లిపోయారు. వరండాలో అత్త నా పక్కకి వచ్చింది.

"నాకేటి తెలుసే పద్మా. సెయ్యి అదురుతాదని సెప్పొచ్చు కదా."

అప్పుడు వచ్చింది నాకు నిజమైన కోపం. గ్లాసు విసిరే కోపం కాదు. మూడేళ్లు కుక్కి కుక్కి పెట్టుకున్న కోపం.

"చెప్పాను అత్తా. వచ్చిన వారంలోనే చెప్పాను. చేతికి దాని మట్టుకు దానికే కోపమొత్తాదా అన్నావు. అందరూ నవ్వారు. ఈయన కూడా నవ్వారు."

అత్త మొహం తిప్పుకుని పాపని గట్టిగా అదుముకుంది. అలవాటైన చేతులు, అంత తేలిగ్గా వదలవు.

నేను ఆ వరండాలోనే, ఓపీ చీటీలు ఇచ్చే కిటికీ ముందు, చెప్పులు విప్పి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్లు నన్ను చుట్టి నడుస్తున్నారు.

"ఇక్కడేటి? లెగు, నలుగురూ సూత్తన్నారు" అంది అత్త.

"నేల మీద కూర్చోమంది డాక్టరమ్మ. ఇది నేలే. ఇవ్వు."

చేతులు చాపాను. చాపిన చేతులు వణకలేదు. అత్త మా ఆయన వంక చూసింది. ఆయన చూపు నా మీదే ఉంది. "ఇచ్చియ్యమ్మా" అన్నారు. అత్త వంగి పాపని నా ఒళ్లో పెట్టింది. పెట్టి పక్కన కాపలా కూర్చోలేదు. గోడ దాకా వెళ్లి అటు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. మనస్వి నా మంగళసూత్రం నోట్లో పెట్టుకుంది.

మూడు నెలలకి మళ్లీ వీడియో. మళ్లీ ముందే సందేశం పంపాలి. ఈసారి కుజూర్ దీదీ పక్కన కూర్చుని నేనే చెప్పాను, ఆమె టైపు చేసింది. ఈఈజీ కాగితం జత చేశాం. పెద్ద ఫిట్ రాలేదు. చెయ్యి ఎగరడం బాగా తగ్గింది, నిద్ర చాలని రోజు మాత్రం కాస్త ఉంటుంది. కొత్త మాత్ర రెండు పూటలా, పాతది పూర్తిగా ఆపేశాం. కషాయం లేదు. ఎ-షిఫ్టు వారాల్లో ఆయన టీ ఆయనే పెట్టుకుంటున్నారు.

"ఇంకేమైనా ఉందా?" అంది దీదీ, అప్పటిలాగే.

"ఉంది" అన్నాను. "కోపం ఏమాత్రం తగ్గలేదు. దానికి మందు అడగడం లేదు. ఊరికే తెలియాలని రాయండి."